ఏకలవ్యుని అంగీకారము



ఎవరి స్మృత్యర్థం మనమీ సాయంకాలం బొగ్గులకుంటలోని ఈ మందిరంలో సమావేశమైనామో ఆ కీర్తిశేషులు తమ ఆయుర్దాయమంతటినీ ఉపాధ్యాయవృత్తికి సమర్పించినవారు. ఇట్టి సందర్భంలో గురుశిష్యసంబంధపు ఔన్నత్యాన్ని గూర్చి ప్రసంగించుట ఆచారం. నేనా ఆచారాన్ని పాటింపక, ఆ సంబంధపు చరిత్రలో మిక్కిలి బాధాకరమైన ఘట్టాన్ని, ద్రోణాచార్యుడు ఏకలవ్యుని కుడిచేతి బొటనవ్రేలిని దక్షిణగా గ్రహించిన ఘట్టాన్ని, నేటి విషయంగా స్వీకరించినాను. ఉపాధ్యాయుని స్మరించే సభలో ఉపాధ్యాయుని అపరాధాన్ని విచారించుట అనౌచిత్యమని ఎవరికైనా తోచవచ్చును. ఈ విచారణను బయటివారికి వదలిపెట్టక ఉపాధ్యాయులే చేసికొనవలెనని నా విశ్వాసం. ఆ కీర్తిశేషులు తమ విద్యార్థులకు నేర్పినదీ అదియే.

ఆదిపర్వకథ మీకందరకు తెలిసినదే గాని, అందలి క్రమాన్ని కొంచెం నిదానంగా చూడవలసియున్నది. హిరణ్యధన్వుడను నిషాదరాజు కుమారుడు ధనుర్విద్యార్థియై ద్రోణుని సన్నిధికి వచ్చినాడు. నిషాదపుత్రుడని తలచి, రాజకుమారుల క్షేమాన్ని కూడ తలచి, ద్రోణుడతనిని శిష్యునిగా గ్రహింపలేదు. బాలకుడు ఆచార్యుని పాదాలకు మ్రొక్కి అరణ్యానికి మరలిపోయి, మంటితో గురుప్రతిమ చేసికొని, దాని యెదుట అభ్యాసానికి పూనుకొన్నాడు. కాలాంతరమున కౌరవపాండవులు వేటకు వచ్చిరి. వారి వెంట వచ్చిన కుక్క, మేనెల్ల మలినమై కృష్ణాజినధారియై యున్న ఆ వనవాసిని చూచి మొరగగా, అతడు దాని నోటిలో ఏడు బాణాలను ఒక్క మారే విడిచినట్లు నింపినాడు. రాజపుత్రులు విస్మితులై అడుగగా, తాను హిరణ్యధన్వుని కొడుకుననియు ద్రోణుని శిష్యుడననియు చెప్పుకొన్నాడు. అర్జునుడు ఏకాంతమున గురువుకడకు పోయి, నిన్ను మించిన శిష్యుడు నాకుండడని నాకు మాట యిచ్చితివి గదా, ఇప్పుడీ నిషాదుడెట్లు వచ్చెనని నిష్ఠూరమాడినాడు. ద్రోణుడు ఒక్క ముహూర్తం ఆలోచించి, అర్జునుని వెంటబెట్టుకొని బయలుదేరినాడు.

ఆ ముహూర్తమాత్రపు ఆలోచనలో ఏమి జరిగినదో మహాకవి చెప్పలేదు. చెప్పినది ఫలితాన్నే. నా శిష్యుడవైతే నాకు దక్షిణ నిమ్మని ద్రోణుడడిగినాడు. గురువునకు ఈయరానిది నాకేమియు లేదని ఏకలవ్యుడు సంతోషంతో పలికినాడు. అంగుష్ఠమడుగగా, మొగాన వికారమైనా లేకుండ కోసి యిచ్చినాడు.

ఈ కథను మనమెట్లు చదివినాము? మన బడులలో గురుభక్తికి నిదర్శనంగా చదివినాము. ఈ వ్యాఖ్యానం అబద్ధం కాదు, ఏకలవ్యుని భక్తి సత్యమే. కాని ఆ భక్తి ఎంత సత్యమైనదో అంతగా అది ద్రోణుని అపరాధానికి తెరయైనది. ఇచ్చినవాడే సంతోషించెను గదా, మధ్య మనమెవరమని శ్రోత నిశ్శబ్దుడగుచున్నాడు. నా ప్రతిపాదన యిది: ఏకలవ్యుడు మనలను నేటికిని కలతపెట్టుటకు కారణం అతనికి విద్య నిరాకరింపబడుట మాత్రమే కాదు, అతని అంగభంగం మాత్రమే కాదు, అతని అంగీకారాన్ని సంపాదించి, ఆ అంగీకారంతోనే అన్యాయాన్ని కప్పిపుచ్చుట. బలవంతాన వ్రేలు నరికియున్నచో అది యుద్ధకథ అయ్యెడిది. ఇచ్చినట్లుగా తీసికొనుటచేత అది ధర్మకథ యైనది.

మొదటి సమాగమంలో ద్రోణుడు గురుత్వాన్ని నిరాకరించినాడు. రెండవ సమాగమంలో దానినే ఆధారంగా చేసికొని ఋణం వసూలు చేసినాడు. రాజకుమారులవద్ద ద్రోణుడు దక్షిణ అడిగినది విద్యాసమాప్తి తరువాత. పాంచాలరాజు ద్రుపదుని బంధించి తెమ్మన్నాడు, వారు తెచ్చిరి, అర్ధరాజ్యం ద్రోణుని పరమైనది. అది ఒక యుద్ధంతో తీరిన ఋణం. శిష్యులలో ఏ ఒక్కని శరీరంనుండియు ఏదియు తగ్గలేదు. ఏమియు నేర్పని శిష్యునివద్ద మాత్రం, ఏది తీసికొనిన విద్యలో ఆధిక్యం మిగులదో దానినే అడిగినాడు. ఆ ద్రుపదుడు, రాజుకును దరిద్రునకును సఖ్యమేమని నిండుసభలో తన్నవమానించినందుకే గదా, ఈ బ్రాహ్మణుడు హస్తినాపురం చేరి రాచబిడ్డలకు గురువైనది. స్థితిభేదంవలన స్నేహం తిరస్కరింపబడిన దుఃఖమెట్టిదో ఎరిగినవాడే, జాతిభేదంవలన శిష్యత్వాన్ని తిరస్కరించినాడు. అవమానితులందరు ఇతరుల అవమానాన్ని అర్థం చేసికొందురనే ఆశకు ఈ కథలో ఆధారం లేదు.

ద్రోణుని పక్షాన చెప్పదగినది చెప్పకుండుట అన్యాయం. ఆయన కురురాజుల కొలువులో నున్నవాడు, ఆ కొలువే ఆయన కుటుంబానికి జీవనాధారం. అస్త్రవిద్య నేటి సైనికరహస్యం వంటిది, ఇతర రాజ్యాలవారికి దానిని చేరనీయకుండుట సేవకుని విధి కావచ్చును. అర్జునునకు మాట యిచ్చియున్నాడు, మాట తప్పుట పాపం. ఇవన్నియు నిరాకరణకు కారణాలుగా నిలుచును. దక్షిణకు కారణాలుగా నిలువవు. ఏకలవ్యునివలన అర్జునునకు అపాయమున్నదని తలచినచో, అర్జునునిపై ఎన్నడును విల్లెత్తనని మాట యిమ్మని అడుగవచ్చును. భారతలోకంలో మాటకు ఎంత విలువ గలదో మనకు తెలియును: భీష్ముని ప్రతిజ్ఞ ఒక వంశచరిత్రను మార్చినది, అర్జునుని తప్ప తక్కిన నలుగురిని చంపనని కర్ణుడు తల్లికిచ్చిన మాట సంగ్రామమధ్యంలో గూడ చెల్లినది. ఏకలవ్యునివద్ద మాత్రం మాట చాలలేదు, శరీరం కావలసివచ్చినది. అయితే ద్రోణుడు నమ్ముకొన్నది మాటనే. ఈయరానిది లేదని ఆ వనవాసి పలికిన మాట తప్పడని నమ్ముటచేతనే ఆ కోరిక కోరగలిగినాడు. అతని సత్యసంధత అతనిని గాయపరచుటకు పనికివచ్చినది గాని, అతనిని కాపాడుటకు పనికిరాలేదు.

ఇక వ్రేలి సంగతి. నారిని పట్టే విధానాలను గుణముష్టులని ధనుర్వేదగ్రంథాలు పేర్కొన్నవి. పతాక, వజ్రముష్టి, సింహకర్ణి, మత్సరి, కాకతుండి అను ఐదు. ఈ పట్టులలో అంగుష్ఠానిది ప్రధానమైన పని. నారి బిగువును మోసి, విడుపు క్షణంలో అడ్డు లేకుండ తొలగే అవయవం అదియే. బొటనవ్రేలు లేకున్నను తక్కిన వ్రేళ్ళతో బాణం విడువవచ్చును, ఏకలవ్యుడు విడిచినాడు కూడ. కాని మునుపటి శీఘ్రత లేదని భారతం స్పష్టంగా చెప్పినది. అనగా ద్రోణుడు హరించినది విద్యను కాదు, విద్యలోని ఆధిక్యాన్ని. విలుకాడు మిగిలినాడు, అర్జునుని మించిన విలుకాడు మిగులలేదు. పశ్చిమభారతపు భిల్లులు నేటికిని బొటనవ్రేలు తాకకుండ, చూపుడువ్రేలికిని నడిమివ్రేలికిని నడుమ బాణం పట్టుదురనియు, అది ఏకలవ్యుని జ్ఞాపకార్థమనియు చెప్పుకొందురు. చారిత్రకంగా దాని మూలమేదైనను, ఒక జాతి తన పూర్వుని గాయాన్ని చేతి అలవాటుగా నిలుపుకొన్నదన్న భావన గౌరవింపదగినది. ద్రోణపర్వంలో శ్రీకృష్ణుడు అర్జునునితో, అంగుష్ఠమున్న ఏకలవ్యుడు దేవతలకు గూడ అజేయుడనియు, నీ నిమిత్తమే ద్రోణుడు మోసంతో అతని వ్రేలు తీసికొనెననియు దాచక పలికినాడు. గురుభక్తికథగా మనం చదివినదానిని మోసమని పేర్కొన్నది మహాభారతంలోని వాసుదేవుడే. ఏ ఆధునిక విమర్శకుడును కాదు.

ఇప్పుడీ కథను మన నేలకు తెత్తును. మన తెలుగు భారతంలో హిరణ్యధన్వుడు ఎఱుకురాజు. ఉభయ తెలుగురాష్ట్రాల ఎరుకలవారు ఏకలవ్యుని తమ మూలపురుషునిగా భావింతురు. ఈ జాతికి ఇరువదవ శతాబ్దంలో సంభవించినదేమి? బ్రిటిషు ప్రభుత్వం 1911లో సవరించిన నేరస్థజాతుల చట్టం క్రింద, మదరాసు రాజధానిలో అనేక ఎరుకల కుటుంబాలు పుట్టుకతో నేరస్థులుగా పేర్లెక్కింపబడినవి. నాటి గుంటూరు జిల్లాలో బాపట్ల సమీపమున స్టూవర్టుపురమనే నివాసస్థలమొకటి సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణలో ఏర్పడినది. చట్టప్రకారం అట్టి జాతులవారి వ్రేలిముద్రలను సేకరించుట, వారు నియమితకాలాల్లో హాజరు చెప్పుకొనుట జరిగినవి. ఆ చట్టం 1952లో రద్దయినది గాని, స్టూవర్టుపురమనగానే దొంగతనమని స్మరించే అలవాటు మన భాషలోనుండి, మన చలనచిత్రాలనుండి నేటికిని తొలగలేదు. తమ మూలపురుషుడు వ్రేలిని కోల్పోయిన జాతి, స్వాతంత్ర్యానికి పూర్వం అర్ధశతాబ్దిలో వ్రేలిముద్రతో గుర్తింపబడే జాతియైనది. నేనీ రెండింటిని కార్యకారణాలుగా కలుపుటలేదు. వీటిని ప్రక్కప్రక్కన నుంచి చూడవలెనని మాత్రం విన్నవించుచున్నాను.

వ్రేలిముద్రయనగా మరియొక ముఖ్యవిషయం వచ్చును. అక్షరమెరుగనివాని సంతకం బొటనవ్రేలే. అనగా అతని అంగీకారానికి స్థానమదియే. ఏకలవ్యుని కాలంలో అంగీకారం నోటితో చెప్పి వ్రేలితో తీర్చవలసివచ్చినది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో అంగీకారమే వ్రేలితో చెప్పవలసివచ్చినది. ఈ విషయం కొంచెం విస్తరించి చెప్పుటకు అనుమతి వేడుచున్నాను, ఎందుకనగా నా ప్రతిపాదనకు గట్టి నిదర్శనం ఇక్కడనే కలదు.

గోదావరికి ఇరుప్రక్కల నున్న కోయ, కొండరెడ్డి, గోండు గ్రామాలలో భూమి చేతులు మారిన విధానం సామాన్యంగా ఒకే తీరుది. విత్తనాల కాలంలో గిరిజన రైతుకు ధాన్యమో రొక్కమో కావలసివచ్చును. మైదానంనుండి వచ్చిన వర్తకుడు ఇచ్చును. కాగితంమీద వ్రేలిముద్ర పడును. కాగితంలో వ్రాసినదేమో చదివి చెప్పేవాడు వర్తకుడే. పంట చేతికి వచ్చినపుడు వడ్డీక్రింద పంట పోవును, మరుసటి సంవత్సరం మరల అప్పు పుట్టును, మూడునాలుగు పర్యాయాలు గడచునప్పటికి కాగితం అమ్మకపు కాగితమై యుండును. ఆ కాగితాన్ని పట్టుకొని న్యాయస్థానానికి పోయిన గిరిజనునకు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఈ ముద్ర నీదేనా? ముద్ర అతనిదే. ఆ ఒక్క జవాబుతో వ్యవహారం ముగియును. ద్రోణుడు గూడ అదే ప్రశ్న అడిగి అదే జవాబు పొందినాడు: నీవు నా శిష్యుడవే గదా?

ఈ అంగీకారాన్ని అంగీకారంగా ఎంచరాదని మన రాజ్యాంగవ్యవస్థలో ఒక శాసనం పలికినది. 1959లో ఆంధ్రప్రాంతపు షెడ్యూల్డు ప్రాంతాలకై వచ్చిన భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకు వర్తించినది. 1970 ఫిబ్రవరి 3న అమలులోనికి వచ్చిన సవరణ, మన ప్రజలు వన్ ఆఫ్ సెవెంటీ యని వ్యవహరించేది, దానికి ప్రాణం పోసినది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ ప్రక్కన నున్న శాసనసభ చేసిన చట్టం కాదిది. రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు క్రింద గవర్నరు తమ అధికారంతో చేసిన నిబంధన. దీని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలోని స్థిరాస్తి గిరిజనునకు గాక మరియొకనికి బదలాయింపయినచో ఆ బదలాయింపు మొదటినుండియు చెల్లదు. అమ్మినవాడు ఇష్టపడి అమ్మినాడా, డబ్బు పుచ్చుకొన్నాడా, ముద్ర వేసినాడా యన్న ప్రశ్నలు ఉదయింపవు. గిరిజనేతరుని చేతిలోనున్న భూమి గిరిజనునినుండియే వచ్చినదని శాసనం ముందుగా భావించును. కాదని నిరూపించే భారం గిరిజనేతరునిదే. ఈ నిబంధన రాజ్యాంగబద్ధమని 1988లో సుప్రీంకోర్టు పి. రామిరెడ్డి వ్యాజ్యంలో నిర్ణయించినది. 1997లో సమత సంస్థ వేసిన వ్యాజ్యంలో, ప్రభుత్వం గూడ గిరిజన ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు గనుల కౌలుకు ఈయరాదని తీర్పు వచ్చినది.

ఈ శాసనంలోని నీతిని ఆలోచింపుడు. ఇచ్చేవాని సమ్మతి తీసికొనేవాని నిర్దోషత్వాన్ని స్థాపింపదని అది చెప్పినది. ఇద్దరి నడుమ బలం, జ్ఞానం, అవసరం అత్యంత విషమంగా నున్నపుడు, సమ్మతిని కాదు, లావాదేవీ ఫలితాన్ని చూడవలెనని చెప్పినది. ఆదిపర్వంలోని ఆ అరణ్యమధ్యంలో లేనిదదియే. అక్కడ అర్జునుడు సాక్షిగా నిలిచినాడు. అతడు లాభం పొందేవాడు గనుక నోరెత్తలేదు.

శాసనం వచ్చినంతమాత్రాన అన్యాయం నిలిచిపోయినదని నేను చెప్పజాలను. 1970కి పూర్వపు లావాదేవీలకు ఈ సవరణ వెనుకకు వర్తింపదని న్యాయస్థానాలు నిర్ణయించుటచేత, తరువాత వ్రాసిన కాగితాలకు పూర్వపు తేదీలు వేయుట ఒక విద్యయైనది. సాదా కాగితంమీద పాత తేదీ, మరణించిన సాక్షుల పేర్లు, గిరిజనుని వ్రేలిముద్ర. రెండవ మార్గం బినామీ: పట్టా గిరిజనుని పేర, సాగు మైదానపువానిది, ఒక్కొక్కచోట గిరిజనస్త్రీని వివాహమాడి ఆమె పేర భూములు కొనుట. ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు విచారణలో ఇవి బయటపడుటకు మార్గాలు లేకపోలేదు. పహాణీలో అనుభవదారు గడిలో ఏ సంవత్సరం ఏ పేరున్నది, శిస్తు కట్టినదెవరు, ఎరువుల అప్పు ఎవరి పేర తెచ్చినారు, పంట ఎవరి ఇంటికి చేరినది అని వరుసగా అడిగినచో, కాగితం దాచినదానిని పొలం చెప్పును. కాని అట్లు వరుసగా అడిగే అధికారి రావలెను. వచ్చినవాడు అక్కడ నిలువవలెను. భూమి గిరిజనుని పేర పునరుద్ధరింపబడిన తరువాత దానిని వాస్తవంగా అతని స్వాధీనం చేయవలెను. ఈ మూడింటిలో ఏది తప్పినను నిర్ణయం కాగితంమీదనే మిగిలిపోవును.

మరల గురువు ప్రసంగానికి వచ్చెదను. 1940లో జోడేఘాట్ వద్ద కుమురం భీము నిజాం బలగాల కాల్పులలో మరణించిన తరువాత, ఆయన నడిపిన తిరుగుబాటుకు కారణమేమని అధ్యయనం చేయుటకు ప్రభుత్వం క్రిస్టఫ్ హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుని నియోగించినది. ఆయన ఆదిలాబాదు గోండుల నడుమ నివసించి కనుగొన్నది మనమిప్పుడు చెప్పుకొన్నదే: చదువులేమి వారిని వర్తకులకును చిల్లర ఉద్యోగులకును వశం చేసినది. పట్టా ఏదో, రశీదు ఏదో, అప్పుపత్రమేదో తెలియనివానికి భూమినిచ్చియు ప్రయోజనం లేదు. అందువలన 1943లో మార్లవాయి గ్రామంలో ఒక శిక్షణకేంద్రం స్థాపింపబడినది. గోండుయువకులనే ఉపాధ్యాయులుగా తీర్చి, దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు సిద్ధంచేసి, ముందు మాతృభాషలో అక్షరాలు నేర్పి, తరువాత ప్రభుత్వభాషయైన ఉర్దూ వైపు నడిపించే పద్ధతి అది. బొటనవ్రేలు చేసే పనిని కలానికి అప్పగించుటయే ఆ పాఠశాల ఉద్దేశం. హైమన్‌డార్ఫ్ సతీమణి ఎలిజబెత్ సమాధి ఆ మార్లవాయిలోనే యున్నది. దంపతులిద్దరిని ఆ గ్రామం నేటికిని స్మరించుచున్నది.

అదే 1943లో ఈ నగరంలో ఆంధ్ర సారస్వత పరిషత్తు స్థాపితమైనదన్న సంగతి ఈ మందిరంలో కూర్చున్నవారికి నేను చెప్పనక్కరలేదు. ఉర్దూ మాధ్యమంలో నడిచే విశ్వవిద్యాలయం గల రాజ్యంలో, తెలుగువారు తమ బిడ్డలకు తమ భాషలో ప్రాథమిక, ప్రవేశ, విశారద పరీక్షలు తామే ఏర్పరచుకొనవలసివచ్చినది. ద్వారంవద్ద నిలుపబడిన దుఃఖమెట్టిదో, ప్రతిమ ముందు కూర్చుండి స్వయంగా నేర్చుకొనుట ఎట్టిదో మన పెద్దలు ఎరిగినవారు. ఆ ఎరుకతో మనం, 1956 తరువాత భాష మనదై ప్రభుత్వం మనదైనపుడు, గోండు బాలకుని విషయంలో ఏమి చేసితిమి? గోండీ వాచకాలు పాఠశాలలనుండి తొలగిపోయినవి. ఉట్నూరు కొండలలోని బడికి పోయిన ఉపాధ్యాయునకు పిల్లల భాష రాదు, పిల్లలకు ఉపాధ్యాయుని భాష రాదు. బదిలీ దొరికిన దినమే ఆయనకు పండుగ. ద్రుపదుని అవమానాన్ని అనుభవించినవాడు ఏకలవ్యుని ముందు నిలిచిన ఘట్టం మన చరిత్రలో గూడ ఉన్నదని చెప్పుట నాకు సుఖంగా లేదు, అయినను చెప్పవలసియున్నది.

ఉపాధ్యాయుల గైర్హాజరుకు విరుగుడుగా, 2000 జనవరి 10న ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మూడవ నెంబరు ఉత్తర్వును వెలువరించినది. షెడ్యూల్డు ప్రాంతాలలోని ఉపాధ్యాయోద్యోగాలన్నియు, నూటికి నూరు, స్థానిక గిరిజనులకే. మార్లవాయి ఆలోచన ప్రభుత్వ ఉత్తర్వుగా మరల జన్మించినది. ఇరువది సంవత్సరాలలో దానివలన కోయ, గోండు, సవర, జాతాపు ఇండ్లలో మొదటితరం ఉపాధ్యాయులు వెలసిరి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఉత్తర్వును కొట్టివేసినది. నూరుశాతం రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధమనియు, గిరిజనులకు గిరిజనులే బోధింపవలెననుట సమర్థనీయం కాదనియు ధర్మాసనం భావించినది. అప్పటికే నియమితులైనవారిని మాత్రం కొనసాగనిచ్చినది. ఈ తీర్పులోని ఒక వాదాన్ని నేను గౌరవింతును. అదే ప్రాంతంలో తరతరాలుగా నున్న దళితునకు, ఇతర పేదలకు, 1950 జనవరి 26 నుండి నివాసం చూపలేని గిరిజనునకు గూడ ఆ ఉత్తర్వు ద్వారం మూసినమాట నిజం. ఒకనికి న్యాయం చేయుటకై మరియొకని వ్రేలు కోరుట పరిష్కారం కాదు. కాని ఆ ప్రాంతంలో ఎవరు నేర్పినను సమానమేయన్న భావనను నేనంగీకరింపజాలను. ద్రోణునివద్ద విద్యకు లోపం లేదు, లోకంలో అంతటి ఆచార్యుడు లేడు. ఆయనకు లేనిది, ఆ బాలకుని బాగు తన బాగుగా తోచుట. అది ఏ అర్హతాపత్రంలోను దొరకదు గాని, పిల్లవాని ఇంటిభాషలో మాటాడగలిగినవానికి లభించే అవకాశం తక్కినవానికంటె ఎక్కువ.

అందువలన విద్యాశాఖను నిర్వహించే పెద్దలకు ఈ వేదికనుండి ఒక వినతి. కులనివాసాలనుబట్టి నూరుశాతం ఉద్యోగాలను కేటాయించుటను తీర్పు నిషేధించినది. గోండీ, కోయ, కొలామీ, సవర భాషలలో ఏదైన నొకటి మాటాడగలుగుటను, ఆ భాష వాడుకలోనున్న గ్రామపు బడికి నియామకార్హతగా విధించుటను అది నిషేధించినట్లు నేను చదివినంతలో కానరాలేదు. ఈ అర్హత ఏ జాతివానికిని ద్వారం మూయదు. ఆ భాష నేర్చుకొన్న మైదానపు ఉపాధ్యాయుడు గూడ నిరభ్యంతరంగా రావచ్చును. నియామకానికి ముందు గ్రామసభ యెదుట, పిల్లల యెదుట మౌఖికపరీక్ష జరుగవలెను. అట్టి పరీక్షలో ఉపాధ్యాయుని యోగ్యతను నిర్ణయించేవారిలో ఆ పిల్లల తల్లులును ఉండవలెను.